నోట్‌ప్యాడ్‌కి కనిపించనిది, కోడ్ ఎడిటర్‌కి కనిపించేది ఏంటి? ఫ్రీగా ఏది తీసుకోవాలి?

 

పోయిన వీడియో కింద నర్సంపేట నుంచి ఒక తమ్ముడు కామెంట్ పెట్టిండు. "అన్నా, నా దగ్గర పాత లాప్‌టాప్ ఉంది, 4 జీబీ ర్యామ్. అందరూ వీఎస్ కోడ్ వేసుకోమంటున్నారు, వేస్తే హ్యాంగ్ అవుతోంది. పైథాన్ నోట్‌ప్యాడ్‌లోనే రాయొచ్చా, లేక ఈఎంఐలో కొత్త లాప్‌టాప్ కొనాలా?" అని. తమ్ముడూ, కొనడం ఆపు. ముందు ఈ ఎపిసోడ్ చూడు.

ముందు నా కథ చెప్తా. బీటెక్ ఫస్టియర్‌లో పైథాన్ ల్యాబ్. నోట్‌ప్యాడ్‌లో రాస్తున్నా. ఫ్రెండ్ దగ్గర పెన్‌డ్రైవ్‌లో ఒక ప్రోగ్రామ్ తెచ్చుకుని, దాని మధ్యలో నాది ఒక్క లైను కలిపా. రన్ చేస్తే ఇది వచ్చింది:

```
TabError: inconsistent use of tabs and spaces in indentation
```

లైన్ నంబర్ కూడా చెప్పింది. ఆ లైన్‌కి వెళ్లి చూస్తే ఏ తప్పూ లేదు. పై లైనూ కింద లైనూ గీత గీసినట్టు సమానంగా ఉన్నయ్. ల్యాబ్ టైమ్ రెండు గంటలూ అక్కడే పోయింది. "కోడింగ్ మనకు రాదులే" అనుకుని ఇంటికి పోయా.

అసలు ఏం జరిగిందంటే, మా ఫ్రెండ్ లైన్ ముందు ఎనిమిది స్పేస్‌లు కొట్టిండు. నేనేమో ఒక్క టాబ్ కొట్టా. నోట్‌ప్యాడ్‌లో టాబ్ వెడల్పు సరిగ్గా ఎనిమిది అక్షరాలంత ఉంటది. అందుకే రెండూ కంటికి ఒకటే. పైథాన్‌కి మాత్రం అవి రెండు వేరు వేరు అక్షరాలు. ఒకే బ్లాక్‌లో అలా కలిపితే అది ఒప్పుకోదు.

ఇప్పుడు అదే ఫైల్ వీఎస్ కోడ్‌లో తెరిచి, ఆ రెండు లైన్లు మౌస్‌తో సెలెక్ట్ చేయండి. స్పేస్‌లు ఉన్న చోట చిన్న చిన్న చుక్కలు, టాబ్ ఉన్న చోట బాణం గుర్తు కనిపిస్తయ్. దొంగ దొరికినట్టే! ఆ బ్లాక్‌లోని లైన్ల ముందున్న ఖాళీ మొత్తం తుడిచేసి, ఒక్కో లైన్‌కి మళ్లీ టాబ్ కీ కొట్టండి. కింద కుడివైపు `Spaces: 4` అని ఉంటే, టాబ్ కొట్టినా ఎడిటర్ నాలుగు స్పేస్‌లే పెడుతుంది. నా రెండు గంటల పని, అర నిమిషంలో అయిపోతుంది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. నోట్‌ప్యాడ్ సేవ్ చేసినా, ఎడిటర్ సేవ్ చేసినా ఫైల్‌లో ఉండేది ఒకటే, ఉత్త అక్షరాలు. రంగులు ఫైల్‌లోకి పోవు. తేడా ఏంటంటే, నోట్‌ప్యాడ్ అక్షరాలను చూపించి ఊరుకుంటది. ఎడిటర్ ఫైల్ పేరు చివర `.py` చూసి, "ఓహో ఇది పైథాన్" అనుకుని, ఆ భాష రూల్స్ ప్రకారం చదువుతది. అందుకే ఎడిటర్‌లో కొత్త ఫైల్ తెరవగానే ముందు పేరు పెట్టి సేవ్ చేయండి. అప్పటిదాకా రంగులు సరిగ్గా రాకపోవచ్చు.

ఒక చిన్న ప్రోగ్రామ్ చూద్దాం. మూడు సబ్జెక్టుల మార్కులు కలపాలి.

```python
marks = [62, 71, 55]
total = 0
for m in marks:
    total = total + m
print("Total", totl)
```

చివరి లైన్ చూడండి, `total` బదులు `totl` అని పడింది. నోట్‌ప్యాడ్ ఏమీ అనదు. రన్ చేస్తే చివరిదాకా పోయి, అక్కడ `NameError` ఇస్తుంది. వీఎస్ కోడ్‌లో పైథాన్ ఎక్స్‌టెన్షన్ వేసుకుంటే, రన్ చేయకముందే `totl` కింద వంకర గీత వస్తుంది. "ఈ పేరు పైన ఎక్కడా లేదు కదా" అని చెప్పడం అన్నమాట.

రంగులు కూడా అందం కోసం కాదు. `"Total` తర్వాత కోట్ మూయడం మర్చిపోయారనుకోండి. ఆ మాట రంగే లైన్ చివరి బ్రాకెట్ దాకా పాకుతుంది. బ్రాకెట్‌కి మాట రంగు వచ్చిందంటే, ఎక్కడో కోట్ మూయలేదని అర్థం.

కానీ ఎడిటర్‌ని పూర్తిగా నమ్మొద్దు. `totl` సరిచేసి, చివరి `print` లైన్‌ని పొరపాటున లూప్ లోపలికి జరపండి. ఒక్క గీత కూడా రాదు. రన్ చేస్తే 188 ఒక్కసారి రావాల్సింది పోయి, 62, 133, 188 అని మూడు సార్లు ప్రింట్ అవుతుంది. ఎడిటర్‌కి భాష రూల్స్ తెలుసు గానీ, మీ మనసులో ఏముందో తెలియదు.

సరే, ఇప్పుడు ఏది తీసుకోవాలి? మీ చేతిలో ఏ మిషన్ ఉంది, ఏ భాష నేర్చుకుంటున్నారు, ఈ రెండూ చూసుకోండి చాలు.

లాప్‌టాప్ 8 జీబీ ర్యామ్‌ది అయితే వీఎస్ కోడ్ వేసుకోండి, ఫ్రీ. వెతికేటప్పుడు ఒక జాగ్రత్త: విజువల్ స్టూడియో వేరు, విజువల్ స్టూడియో కోడ్ వేరు. ఊదా రంగు ఐకాన్ ఉన్నది పెద్దది, జీబీలకు జీబీలు డేటా తినేస్తది. మనకు కావాల్సింది నీలం ఐకాన్. ఇంకోటి, వీఎస్ కోడ్‌తో పైథాన్ రాదు. దాన్ని వేరేగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి. చాలామంది ఇక్కడే ఆగిపోయి "అన్నా రన్ అవ్వట్లే" అంటారు.

పాత లాప్‌టాప్ ఉండి, నేర్చుకునేది పైథాన్ అయితే థానీ తీసుకోండి, `Thonny` అని టైప్ చేస్తే దొరుకుతుంది. ఎస్టోనియాలోని టార్టు యూనివర్సిటీలో కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసమే తయారైంది. తేలిగ్గా ఉంటది, పైథాన్ దాంతోనే వస్తుంది. వేసుకుని F5 నొక్కితే ప్రోగ్రామ్ నడుస్తుంది. పైగా Ctrl+F5 నొక్కితే ఒక్కో అడుగు ఆగుతూ నడుస్తుంది. `View` మెనూలో `Variables` పెట్టుకుంటే `total` 0 నుంచి 62, 133, 188 ఎలా అవుతోందో మీ కళ్లముందే కనిపిస్తుంది. ఇందాక లూప్ తప్పు ఎడిటర్ పట్టుకోలేదు కదా, దాన్ని ఇలా మీరే పట్టుకోవచ్చు.

వీఎస్ కోడ్ ఎందుకు బరువంటే, క్రోమ్ బ్రౌజర్ లోపల ఉండే ఇంజినే దాని లోపలా ఉంటుంది. 4 జీబీలో పక్కన క్రోమ్ కూడా తెరిస్తే రెండు బ్రౌజర్లు నడిపినట్టే. పాత మిషన్‌లో వెబ్ పేజీలు రాయాలంటే నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ సరిపోతుంది. విండోస్‌లో మాత్రమే నడుస్తుంది, కానీ చాలా తేలిక.

ఫోన్ ఒక్కటే ఉందా? ఆండ్రాయిడ్‌లో వెబ్ పేజీలకు `Acode`, పైథాన్‌కి `Pydroid 3` ఉన్నయ్. చిన్న ప్రోగ్రామ్‌లకు పనికొస్తయ్. కానీ కీబోర్డ్ సగం స్క్రీన్ మింగేస్తది కాబట్టి, యాభై లైన్లు దాటితే చిరాకు మొదలవుతుంది. ఒక ఓటీజీ కేబుల్‌తో మామూలు కీబోర్డ్ తగిలించుకోండి, చాలా తేడా ఉంటది.

ఏది వేసుకున్నా ఈ ఒక్క పరీక్ష పెట్టండి. పైన చూపించిన ప్రోగ్రామ్ టైప్ చేసి, ఒక కోట్ తీసేయండి, ఒక లైన్ ముందు స్పేస్‌ల బదులు వేరే చోట కాపీ చేసిన టాబ్ పెట్టండి. మీ ఎడిటర్ ఏది చూపిస్తోంది, ఏది చూపించట్లేదు అని రాసుకోండి. పది నిమిషాల్లో దాని సంగతి మీకు తెలిసిపోతుంది.

నర్సంపేట తమ్ముడూ, నీకు థానీ చాలు. ఈఎంఐ వద్దు. రాత్రికి వేసుకుని, ఆ 188 వచ్చిందో లేదో కింద కామెంట్‌లో చెప్పు. `TabError` వచ్చినా చెప్పు, సిగ్గేం లేదు, మనమంతా అక్కడి నుంచి వచ్చినోళ్లమే. మళ్లీ కలుద్దాం ఫ్రెండ్స్, ఉంటా!