గోరింటాకు పొడి అమెరికాకు పంపాలంటే

గుంటూరులోనో ఒంగోలులోనో ఇంట్లో గోరింటాకు పొడి చేసి అమ్మేవారు, అమెరికా ఆర్డరు రాగానే ముందు కొరియర్ ఖర్చు అడుగుతారు. ముందు అడగాల్సింది అది కాదు. ఆ పొడి దేనికి వాడతారన్నది. అమెరికా ఎఫ్‌డీఏ గోరింటాకును తలకు వేసే రంగుగా మాత్రమే ఒప్పుకుంటుంది. చేతులకు ఒప్పుకోదు, కనుబొమలకూ ఒప్పుకోదు. అంటే పొడి అదే అయినా, లేబుల్ మీద ‘జుట్టుకు’ అని ఉంటే ఒక దారి, ‘చేతులకు’ అని ఉంటే ఇంకో దారి. తరతరాలుగా పెట్టుకుంటున్నాం కదా అంటారా? నిజమే, కానీ కస్టమ్స్ చూసేది అనుమతి జాబితాను. పేరు మార్చి, ప్యాకెట్ మీద పెళ్లికూతురి చేతుల బొమ్మ వేసినా దొరికిపోతారు. ఆపిన సరుకును వెనక్కి పంపాలి, లేదా నాశనం చేయాలి.

లేబుల్ ఇంగ్లీషులో ఉండాలి. కలిపినవన్నీ రాయాలి, ఎక్కువ ఉన్నది ముందు. బరువు, మీ చిరునామా తప్పనిసరి. ఇక ఖర్చు. కొరియర్లు అసలు బరువు, పెట్టె సైజును బట్టి లెక్కగట్టే బరువు, రెండింటిలో ఎక్కువదానికే డబ్బు తీసుకుంటారు. అందుకే పెట్టెలో ఖాళీ వదలకండి. చిన్న పార్సిళ్లకున్న సుంకం మినహాయింపును అమెరికా 2025 ఆగస్టులో ఎత్తేసింది. ఆ సుంకం ఎవరు కట్టాలో, ఆర్డరు తీసుకునేటప్పుడే కొనేవారితో తేల్చుకోండి.