ఎజెండాలో కొత్త అంశం చేరితే టైము మళ్లీ అడగాలి



మీటింగు ఎజెండా గ్రూపులో పంపేశాక ముఖ్యమైన పని ఇంకోటి వస్తుంది. "అది కూడా చేర్చండమ్మా" అంటారు. చేర్చడం తేలికే. ఆ టైము అందరికీ ఇంకా కుదురుతుందా అన్నది చూసుకోవాలి.

మన మాదాపూర్, కొండాపూర్ వైపు సంఘం ఒకటి అనుకుందాం. ఆదివారం 10:30 నుంచి 12 దాకా మీటింగు. పోయినసారి తీర్మానాలు చదవడానికి 10 నిమిషాలు, పొదుపు, కంతుల వసూలుకు 20, పుస్తకాలు చూడటానికి 30, అంతర్గత అప్పుల దరఖాస్తులకు 30. మొత్తం 90 నిమిషాలు, సరిపోయింది. ఇప్పుడు బ్యాంకు లింకేజీ లోను అంశం వచ్చింది. దానికి ఇంకో 30 కావాలి. అంటే 12:30 అవుతుంది. కానీ గచ్చిబౌలి ఆఫీసుల్లో హౌస్‌కీపింగ్ చేసే ముగ్గురు సెకండ్ షిఫ్టుకని 12కే లేస్తారు.

ఆ ముగ్గురు వెళ్లాక లోను తీర్మానం రాస్తే ఏమవుతుంది? బ్యాంకు కాగితాల మీద సభ్యులందరి సంతకాలూ కావాలి, కట్టే బాధ్యతా అందరిదీ. ఎంత అప్పో, నెలకు ఎంత కట్టాలో వినని మనిషి తర్వాత ఇంటికొచ్చిన కాగితం మీద సంతకం పెడుతుంది. కంతు ఆగిన రోజు "నాకెవరు చెప్పారు?" అంటుంది. ఆ మాటా న్యాయమే.

అందుకని లోనును చివర తగిలించకూడదు. పుస్తకాలు చూడగానే దాన్ని పెడితే 12కు ముగుస్తుంది. బ్యాంకువాళ్లు చూసేదీ ఆ పుస్తకాలే కాబట్టి వరుస కూడా కుదురుతుంది. అంతర్గత అప్పులు వచ్చే మీటింగుకు జరపాలంటే ముందు దరఖాస్తు పెట్టినవాళ్లను అడగాలి. పిల్లల ఫీజుకని ఒక్కరు ఆగలేమన్నా జరపకూడదు. అప్పుడు 10కే మొదలుపెట్టగలమా అని చూడాలి. పొద్దున ఫ్లాట్లలో వంటకు వెళ్లేవాళ్లు ఆ వేళకు రాగలరో లేదో వాళ్లే చెప్పాలి.

మెసేజీ ఇలా పెట్టండి: "సవరించిన ఎజెండా. పాతది చూడవద్దు. కొత్తగా చేరింది: బ్యాంకు లోను, 30 నిమిషాలు. మొదలు 10 గంటలకు, ముగింపు 12కు. మీకు కుదురుతుందా, కుదరదా? శుక్రవారం రాత్రిలోగా చెప్పండి." బొటనవేలు గుర్తు వస్తే చూశారని మాత్రమే అనుకోండి, వస్తానన్నట్టు కాదు. జవాబు రానివాళ్లకు ఫోను చేయండి, ఫోను చూడనివాళ్లకు ఇంటికెళ్లి చెప్పండి.

ఏ దారీ కుదరకపోతే లోనుకు వేరే రోజు పెట్టుకోవడమే మేలు. పదాధికారుల ఎన్నిక, నియమావళి మార్పులాంటివైతే బైలాలో ముందస్తు నోటీసు ఎన్ని రోజులని ఉందో చూడండి. ఆ గడువు దాటితే అందరూ సరేనన్నా ఈ మీటింగులో చేర్చకండి.