పేరు ఒకటే, బలం వేరు: జ్వరం చుక్కల మందు, జ్వరం సిరప్



లోన్ల లెక్కలు, రికవరీ లెక్కలు పొద్దున్నే అయిపోయాయి. మేము చెప్పేది కూడా ఒక లెక్కే. కాకపోతే అది మన ఇళ్ళల్లో గూట్లో ఉండే జ్వరం మందు సీసాల లెక్క. పారాసెటమాల్ అనే మందు పిల్లలకి రెండు రకాలుగా వస్తుంది. పసిపిల్లలకి చిన్న సీసాలో డ్రాపర్‌తో వచ్చే చుక్కల మందు ఒకటి, కొంచెం పెద్ద పిల్లలకి మూతతో కొలిచి పోసే సిరప్ ఒకటి. రెండింటి మీదా ఒకే పేరు ఉంటుంది, రంగూ వాసనా కూడా ఒక్కోసారి ఒకేలాగ ఉంటాయి. అందుకని రెండూ ఒకటే మందు, సీసాలే వేరు అనుకుంటాం. చిన్న సీసాలోది పసివాళ్ళది కాబట్టి అదే పల్చగా, తేలికగా ఉంటుందని కూడా అనుకుంటాం. ఉన్నది దానికి తిరగబడి. చిన్న సీసాలోదే గట్టి మందు.

సీసా మీద రాసినది చదివితే తెలుస్తుంది. చుక్కల మందు మీద మామూలుగా 1 ఎంఎల్‌లో 100 ఎంజీ అని ఉంటుంది. సిరప్ మీద 5 ఎంఎల్‌లో 120 ఎంజీ అనో, 125 ఎంజీ అనో ఉంటుంది. ఇంకో గట్టి సిరప్ కూడా వస్తుంది, దాని మీద 5 ఎంఎల్‌లో 250 ఎంజీ అని ఉంటుంది. ఎంఎల్ అంటే ఎంత పోస్తున్నామో ఆ నీళ్ళ కొలత. ఎంజీ అంటే ఆ నీళ్ళల్లో ఉన్న అసలు మందు. పిల్ల ఒంట్లో పనిచేసేది ఎంజీ. మన చేతిలో కనపడేది ఎంఎల్. ఈ రెండింటి మధ్యనే పొరపాటు దూరుతుంది.

100 కంటే 120 పెద్దది కదా, సిరప్పే గట్టిది అని చాలామంది అక్కలు మా మీటింగ్‌లో అన్నారు. అప్పుడు మేము మన వడ్డీ లెక్కతోనే చెప్పాం. ఒకరు నూటికి రెండు రూపాయల వడ్డీ అంటారు, ఇంకొకరు వెయ్యికి పది రూపాయలు అంటారు. రెండు కంటే పది పెద్దదని మనం ఎవరమైనా మోసపోతామా? వెయ్యికి పది అంటే నూటికి రూపాయే అని నిమిషంలో చెప్పేస్తాం. ఇక్కడా అంతే. సిరప్‌లో 120 అనేది 5 ఎంఎల్‌కి. ఐదుతో భాగిస్తే 1 ఎంఎల్‌కి 24 ఎంజీ వస్తుంది. చుక్కల మందులో 1 ఎంఎల్‌కే 100. అంటే చుక్కల మందు ఆ సిరప్ కంటే నాలుగింతల పైన గట్టిది. 250 రాసిన సిరప్ 1 ఎంఎల్‌కి 50 వస్తుంది, దానికంటే కూడా చుక్కల మందు రెండింతలు.

అంత గట్టిగా ఎందుకు చేస్తారని అడిగారు. పసిపిల్లకి ఎక్కువ పోస్తే ఉమ్మేస్తుంది, కక్కేస్తుంది, పొలమారుతుంది. తక్కువ నీళ్ళల్లో కావలసిన మందు పట్టేటట్టు చేస్తారు. డ్రాపర్‌తో బుగ్గ లోపలి పక్కన కొద్దిగా వదిలితే లోపలికి పోతుంది. డ్రాపర్‌తో కొలిచినంత కాలం అది మంచి ఏర్పాటే. ఆ సీసా మందుని మూతలోనో, చెంచాలోనో, ఉగ్గుగిన్నెలోనో పోసినప్పుడు ప్రమాదం వస్తుంది.

మా ఊళ్ళో జరిగినది చెప్తాం. ఇంటి పేరు, ఊరి పేరు ఇక్కడ అక్కర్లేదు. పిల్ల బరువు 9 కిలోలు, ఏడాది దాటింది. జ్వరం వస్తే డాక్టరు గారు సిరప్ రాసి, పూటకి 5 ఎంఎల్ పొయ్యమన్నారు. 5 ఎంఎల్‌లో 120 ఎంజీ. లెక్క సరిగ్గా ఉంది. ఎందుకంటే పారాసెటమాల్ ఒక్క పూటకి కిలో బరువుకి 10 నుంచి 15 ఎంజీ వరకు ఇస్తారు. 9 కిలోలకి 90 నుంచి 135 మధ్యలో పడాలి.

కొన్నాళ్ళకి మళ్ళీ జ్వరం వచ్చింది. పాత సీసా అయిపోయింది. ఇంట్లో మగాయన షాపుకి పోయి పేరు చెప్పి పసిపిల్లకి కావాలన్నాడు. షాపులో చుక్కల మందు ఇచ్చారు. పేరు అదే. తల్లికి గుర్తున్నది 5 ఎంఎల్. పాత సీసా మూత కడిగి దాచుకుంది కాబట్టి దాంతోనే కొలిచి పోసింది. 5 ఎంఎల్ చుక్కల మందు అంటే 500 ఎంజీ. పెద్దవాళ్ళు వేసుకునే ఒక మాత్ర అంత మందు 9 కిలోల పిల్లకి పోయింది. ఆ బరువు పిల్లకి రోజు మొత్తానికి మామూలుగా దాటనివ్వని లెక్క, కిలోకి 60 చొప్పున, 540 ఎంజీ. రోజంతా సరిపోయేది దాదాపు ఒక్క పూటకే అయిపోయింది. రాత్రి మళ్ళీ ఒళ్ళు కాలితే ఇంకో 5 ఎంఎల్ పోసింది. మొత్తం 1000 ఎంజీ.

ఎవరు పట్టుకున్నారంటే అత్తగారు. ఆమెకి చదువు లేదు. తెల్లారి సీసా ఎత్తి చూసి, "పోయినసారి సీసా నాలుగు రోజులు వచ్చింది గదే అమ్మాయ్, ఇది రెండు పూటలకే అడుగంటిందేంటి?" అంది. సిరప్ సీసా 60 ఎంఎల్, 5 చొప్పున పన్నెండు పూటలు వస్తుంది. చుక్కల సీసా 15 ఎంఎల్, అట్లా పోస్తే మూడు పూటలకే ఖాళీ. పసిపిల్లల చిన్న సీసా రెండు మూడు పూటల్లో అయిపోతుందంటే ఎక్కువ పోస్తున్నామనే అర్థం. చదవడం రానివాళ్ళు కూడా పట్టుకోగల గుర్తు ఇది.

పిల్ల అప్పటికి ఆడుకుంటూనే ఉంది. "బాగానే ఉంది కదా, చూద్దాంలే" అని పక్కవాళ్ళు అన్నారు. ఆశా అక్క ఒప్పుకోలేదు. సీసా కూడా తీసుకుని వెంటనే ఆస్పత్రికి పదమంది. అక్కడ రక్త పరీక్షలు చేసి, రెండు రోజులు ఉంచుకుని చూసి పంపించారు. పిల్ల బాగుంది.

ఆశా అక్క ఎందుకు ఒప్పుకోలేదో గట్టిగా చెప్పాలి. పారాసెటమాల్ ఎక్కువైతే దెబ్బ తగిలేది కాలేయానికి. మొదటి రోజు ఏమీ కనపడకపోవచ్చు, లేదంటే వాంతి, తిండి వద్దనడం, నీరసం అంతే. ఇవి జ్వరంలో కూడా ఉండేవే. కాలేయం దెబ్బ తిన్నట్టు బయటపడేసరికి రెండు మూడు రోజులు పడుతుంది. దీనికి ఆస్పత్రిలో విరుగుడు మందు ఉంది. ఎక్కువ మందు పోయిన ఎనిమిది గంటల లోపు అది మొదలుపెడితే బాగా పనిచేస్తుంది, ఆలస్యమయ్యేకొద్దీ దాని పని తగ్గుతుంది. కాబట్టి పిల్ల మొహం చూసి కాదు, సీసా చూసి బయలుదేరాలి. ఇంట్లో వేలు పెట్టి కక్కించొద్దు, ఉప్పునీళ్ళు పట్టొద్దు. 108కి ఫోన్ చేసి, ఎన్ని గంటలకి ఎంత పోశామో ఒక కాగితం మీద రాసుకుని సీసాతో సహా వెళ్ళాలి.

ఇదే పొరపాటు తిరగబడి కూడా జరుగుతుంది. 6 కిలోల పిల్లకి చుక్కల మందు 0.8 ఎంఎల్ రాశారనుకోండి, అంటే 80 ఎంజీ. షాపులో చుక్కలు లేవని సిరప్ ఇచ్చారు. తల్లి రాసినట్టే 0.8 ఎంఎల్ పోసింది. పిల్లకి అందింది 19 ఎంజీ. అది ఏ మూలకీ చాలదు. జ్వరం తగ్గలేదని గంటకోసారి పోస్తారు, ఇంకో షాపులో జలుబు సిరప్ తెస్తారు, దాంట్లోనూ పారాసెటమాల్ కలిసి ఉండొచ్చు. డాక్టరు దగ్గర మాత్రం మందు పోసినా తగ్గలేదని చెప్తారు. ఆయన ఇదేదో పెద్ద జ్వరమని అనుకునే అవకాశం ఉంది.

ఇది మన ఊళ్ళ చదువు తక్కువతనం అనుకోవద్దు. అమెరికాలో కూడా చుక్కల మందు, సిరప్ వేరు వేరు బలాలతో ఉండి ఈ పొరపాట్లు జరిగాయి. అక్కడ కంపెనీలు 2011లో పసిపిల్లలదీ పెద్దపిల్లలదీ ఒకే బలానికి, 5 ఎంఎల్‌కి 160 ఎంజీకి, మార్చాయి. మన షాపుల్లో ఇంకా వేరు వేరుగానే దొరుకుతున్నాయి కాబట్టి చూసుకోవాల్సింది మనమే.

మా గ్రామ సంఘంలో చేసిన పని ఇది. నెలసరి మీటింగ్‌కి అందరం ఇంట్లో ఉన్న జ్వరం సీసాలు తెచ్చాం. చదవగలిగిన పిల్లలు ఎంజీ, ఎంఎల్ చదివి చెప్పారు. చుక్కల సీసా మీద ఎర్ర దారం కట్టాం, అది గట్టి మందని గుర్తు. ఎర్ర దారం సీసాకి దాని డ్రాపర్ తప్ప ఇంకోటి వాడకూడదు, డ్రాపర్ పోతే ఆ సీసా పక్కన పెట్టేయాలి. వేరే సీసా డ్రాపర్ గీతలు వేరుగా ఉంటాయి. ఇంటి చెంచాలు ఒకటి చిన్నది, ఒకటి పెద్దది, కొలతకి పనికిరావు. సిరప్‌కి దాని మూత వాడాలి, లేదా షాపులో సూది లేని సిరంజి అడిగి తెచ్చుకోవాలి.

డాక్టరు దగ్గర, షాపు దగ్గర మేము ఇప్పుడు అడిగే మాట ఒకటే: "మా పిల్ల ఇన్ని కిలోలు, ఈ సీసాతో ఎన్ని ఎంఎల్ పొయ్యాలి?" సీసా చేతిలో పెట్టుకునే అడుగుతున్నాం. చెప్పిన కొలత ఆ సీసా మీదే పెన్నుతో రాయించుకుంటున్నాం. సీసా మారితే పాత కొలత చెల్లదు, మళ్ళీ అడగాల్సిందే. పూటకీ పూటకీ మధ్య కనీసం నాలుగు గంటలు ఉండాలి, రోజుకి నాలుగు సార్లు దాటకూడదు. మూడు నెలల లోపు పిల్లకి జ్వరం వస్తే ఇంట్లో ఉన్న మందు మన అంతట మనం పోయకుండా ఆస్పత్రికే తీసుకెళ్ళాలి.

రెండు సీసాలూ ఇక్కడ బల్ల మీద పెట్టాం. భోజనాలకి వెళ్ళేముందు ప్రతి గ్రామ సంఘం నుంచి ఇద్దరు వచ్చి చేత్తో పట్టుకుని చూడండి, మీ ఊళ్ళో ఇట్లాగే చూపించండి. సెలవు.