చేతుల్లో పొక్కులు, కాలివేళ్ళ సందుల్లో ఒరుపు: రెండూ ఒకటి కాదు
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఆరోగ్య కేంద్రం స్టాఫ్ నర్సు చేసిన ప్రసంగం)



నాట్ల రోజుల్లో మా దగ్గరికి వచ్చే ఆడవాళ్ళలో చాలామంది రెండే బాధలు చెబుతారు. ఒకటి కాలివేళ్ళ సందులు ఒరిసిపోవడం, రెండోది అరచేతుల్లో నీటి పొక్కులు లేవడం. రెండూ దురదే కాబట్టి రెండింటికీ ఒకే ట్యూబు రాస్తుంటారు. ఇబ్బంది అక్కడే మొదలవుతుంది.

ముందు కాళ్ళ సంగతి చూద్దాం. చిటికెన వేలికీ దాని పక్క వేలికీ మధ్య సందు తెల్లగా నానిపోయి, తోలు ఊడి, పగిలి, వాసన వస్తుంటే అది చాలావరకు ఫంగస్. ఒంటి మీద వచ్చే తామర జాతిదే. తడి ఆరని చోట పెరుగుతుంది. తరచుగా ఒక కాలికి ఎక్కువ, రెండో కాలికి తక్కువ ఉంటుంది. ఇది అంటుకుంటుంది. ఒకరి చెప్పులు, తువ్వాలు ఇంకొకరు వాడితే వాళ్ళకూ వస్తుంది.

ఇక చేతులు. వేళ్ళ పక్కల్లో, అరచేతుల్లో, ఒక్కోసారి అరికాళ్ళలో సగ్గుబియ్యం గింజల్లా గట్టిగా, లోతుగా చిన్న పొక్కులు లేస్తాయి. తరచుగా రెండు చేతులకూ ఒకేలా వస్తాయి. విపరీతమైన దురద. రెండు మూడు వారాల్లో ఎండి, పొట్టు రాలి, కొన్నాళ్ళకు మళ్ళీ వస్తాయి. దీన్ని డిస్‌హైడ్రోటిక్ ఎగ్జిమా అంటారు. ఇది క్రిమి వల్ల వచ్చేది కాదు, ఎవరికీ అంటదు. ఎండ, చెమట, మనసులో దిగులు, సబ్బునీళ్ళలో ఎక్కువసేపు చేతులు నానడం దీన్ని రేపుతాయి.

ఒక అక్క సంగతి చెబుతాను. బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది, పొద్దున నాట్లకు వెళ్తుంది. రెండు అరచేతుల్లో పొక్కులు లేచాయి. "పిల్లలకు అంటుతుంది, వంటకు రావొద్దు" అన్నారు. రోజు కూలి పోయింది. మందుల షాపులో ఒక ట్యూబు ఇస్తే చేతులకీ కాళ్ళకీ రాసింది. నాలుగు రోజులు దురద తగ్గింది. మానగానే కాళ్ళ మీది మచ్చ పాదం పైకి పాకింది.

ఆ ట్యూబులో ఫంగస్ మందుతో పాటు క్లోబెటాసోల్ అనే గట్టి స్టెరాయిడ్ కలిసి ఉంది. స్టెరాయిడ్ ఎరుపునూ దురదనూ అణచేస్తుంది గానీ, ఫంగస్‌ను చంపదు. పైగా దానికి పెరగడానికి సందు ఇస్తుంది.

డాక్టరు గారు ఆమె చేతులు చూసి, వెంటనే "కాళ్ళు చూపించమ్మా" అన్నారు. కాలి సందు నుంచీ, చేతి పొక్కు పైతోలు నుంచీ కాస్త గీరి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోపులో చూశారు. కాలి తోలులో ఫంగస్ దారాలు కనిపించాయి, చేతిలో లేవు. అంటే కాళ్ళలోని ఫంగస్ మీద శరీరం చూపే కోపమే చేతుల్లో పొక్కులుగా లేచింది. చేతుల్లో క్రిమి లేదు కాబట్టి ఆ పొక్కులు అంటవు. ఆ మాట డాక్టరు గారు చీటీ మీద రాసిచ్చారు, ఆమె మళ్ళీ వంటకు వెళ్ళింది.

కాళ్ళకు స్టెరాయిడ్ లేని క్లోట్రిమజోల్ క్రీము ఇచ్చారు. రోజుకు రెండుసార్లు, మచ్చ అంచు దాటి వేలెడు దూరం వరకు, నాలుగు వారాలు రాయమన్నారు. దురద వారంలోనే పోతుంది, అప్పుడే మానేస్తే తిరిగి వస్తుంది. చేతులకు తడిగుడ్డ వేసుకోమన్నారు, కొద్దిరోజులకు మాత్రమే స్టెరాయిడ్ ఆయింట్‌మెంటు ఇచ్చారు. కాళ్ళు మానాక చేతుల పొక్కులూ ఆగిపోయాయి.

అందరికీ ఇలాగే ఉంటుందని కాదు. కాళ్ళు శుభ్రంగా ఉండి చేతులకే వస్తే అది ఉత్త ఎగ్జిమా కావచ్చు. అప్పుడు ఫంగస్ మందు పనిచేయదు. ఒక చేతికే పొట్టు లేచి, రెండు కాళ్ళకూ ఉంటే చేతిలోనూ ఫంగస్ ఉందేమో చూడాలి. రాత్రిపూట దురద ఎక్కువై, ఇంట్లో అందరూ గోక్కుంటుంటే అది గజ్జి కావచ్చు, దాని మందు వేరు.

ఇంట్లో చేసుకోవలసినవి. పొలం నుంచి రాగానే కాళ్ళు కడిగి, వేళ్ళ సందుల్లో పొడిగుడ్డతో ఒత్తి తుడవండి. ఆ గుడ్డ వేరుగా పెట్టండి. అంట్లు తోమేటప్పుడు లోపల నూలు తొడుగు, పైన రబ్బరు తొడుగు వేసుకోండి. పని అయ్యాక చేతులకు కొబ్బరి నూనె గానీ వ్యాజిలిన్ గానీ రాయండి. పొక్కులు సూదితో గుచ్చకండి. షాపులో ట్యూబు తీసుకుంటే "స్టెరాయిడ్ కలిసిందా?" అని అడగండి. పేరులో క్లోబెటాసోల్, బీటామెథసోన్ ఉంటే డాక్టరు చెప్పకుండా రాయకండి.

చివరిగా ఒక్కటి. వేళ్ళ సందు పగులు నుంచి ఎరుపు పైకి పాకినా, కాలు వాచి వేడిగా ఉన్నా, జ్వరం వచ్చినా, చీము కనిపించినా ఆ రోజే ఆసుపత్రికి రండి. షుగరు ఉన్నవాళ్ళయితే చిన్న పగులు కనిపించినప్పుడే రండి. వాళ్ళకు నొప్పి తెలియకుండానే పుండు లోతుకు పోతుంది.