వచ్చినప్పుడు, వచ్చేటప్పుడు: క్రియకు కాలం వేరు, దశ వేరు

శాసనాల చదువుకు జీవితాన్నిచ్చిన గడియారం రామకృష్ణ శర్మ గారి ఊళ్ళో మాట్లాడుతున్నాను కాబట్టి, శాసనంలోని ఒక మాటతోనే మొదలుపెడతాను. పాత తెలుగు దానశాసనాల చివర సాధారణంగా ఒక హెచ్చరిక ఉంటుంది. ఈ ధర్మాన్ని చెరిపినవాడు పంచమహాపాతకుడవుతాడన్నది దాని సారాంశం. శాసనం వేయించిన రాజుకు గానీ చెక్కిన శిల్పికి గానీ ఆ చెరిపేవాడెవడో తెలియదు. వాడు అప్పటికి పుట్టి కూడా ఉండడు. వాడు చేయబోయే పాపం పూర్తిగా భవిష్యత్తుకు చెందినది. అయినా అక్కడ ఉన్నది ‘చెరిపిన’ అనే రూపం. బడిలో ఈ రూపాన్ని మనం భూతకాలమని నేర్చుకున్నాం.

ఇది శాసనకారుడి పొరపాటు కాదు, పాతకాలపు వింత వాడుక అంతకన్నా కాదు. ఈ పూట మన ఇళ్ళలోనూ ఇదే వ్యాకరణం నడుస్తోంది. ఆలంపురం నుంచి కర్నూలు పోయే మనిషితో ‘రేపు వచ్చేటప్పుడు పుస్తకం పట్టుకురా’ అంటాం. ‘రేపు వచ్చినప్పుడు పుస్తకం తీసుకుంటా’ అని కూడా అంటాం. రెండూ రేపటి సంగతులే. మొదటి మాటలో రాక ఇంకా నడుస్తూ ఉంది, మనిషి దారిలో ఉన్నాడు, పుస్తకం ఆ దారిలోనే చేతికి రావాలి. రెండో మాటలో రాక ముగిసింది, మనిషి గుమ్మంలో నిలబడ్డాడు. ‘వచ్చిన’ చెప్పేది నిన్నటి సంగతి కాదు, ముగిసిన పని. శాసనంలోని ‘చెరిపిన’ కూడా అంతే. చెరపడం పూర్తయినప్పుడు, అది ఏ శతాబ్దంలో జరిగినా, పాపం తగులుతుంది.

క్రియలో రెండు వేరు వేరు సమాచారాలు ఉంటాయి. మాట్లాడుతున్న క్షణానికి పని ముందా, వెనకా, అప్పుడేనా అన్నది ఒకటి. అది కాలం. పనిని లోపలినుంచి, నడుస్తున్నదిగా చూస్తున్నామా, బయటినుంచి, ముగిసిన ముద్దగా చూస్తున్నామా అన్నది రెండోది. భాషాశాస్త్రజ్ఞులు దీన్ని ఆస్పెక్ట్ అంటారు. ఈ ఉపన్యాసంలో నేను క్రియాదశ అంటాను. బెర్నార్డ్ కామ్రీ 1976లో ఆస్పెక్ట్ మీద రాసిన చిన్న పుస్తకం ఈ తేడాను ప్రపంచ భాషల ఉదాహరణలతో చూపించింది. అయితే ఈ గమనిక మన దేశంలో అంతకన్నా చాలా పాతది. పతంజలి మహాభాష్యంలో వర్తమానం గురించి చర్చిస్తూ, పుష్యమిత్రుడి చేత యాగం చేయిస్తున్నామన్న ఉదాహరణ ఇస్తాడు. యాగం రోజుల తరబడి సాగుతుంది. ఋత్విక్కులు మధ్యలో భోజనం చేస్తారు, నిద్రపోతారు. ఆ గంటల్లో యాగం జరగదు. అయినా ‘చేయిస్తున్నాం’ అనడం తప్పు కాదు, ఎందుకంటే మొదలైన పని ఇంకా ముగియలేదు. ఆ చర్చ కాలం పేరుతో జరిగినా, ఆయన తేల్చింది దశ గురించే. (చరిత్రకారులు ఆ ఉదాహరణను పతంజలి కాలం నిర్ణయించడానికి వాడుకున్నారు. వ్యాకరణానికి అది చేసిన మేలు గురించి తక్కువగా విన్నాం.)

తెలుగులో 1858 నాటి చిన్నయసూరి బాలవ్యాకరణం చూడండి. భూతం, వర్తమానం, భవిష్యత్తు అనే మూడు కాలాల పక్కన ఆయన తద్ధర్మం అనే నాలుగోదాన్ని నిలబెట్టాడు. ‘వండును’ అంటే ఇప్పుడు వండుతోందనీ కాదు, రేపు వండుతుందనీ కాదు, వండడం ఆ మనిషి ధర్మమని. మూడు కాలాల చట్రంలో ఇమడనిదాన్ని బలవంతంగా ఇరికించకుండా దానికి వేరే పేరు పెట్టాడు. ఇది చాలా నిజాయితీ గల పని అని నా అభిప్రాయం. ‘చేసి’ వంటి రూపాన్ని క్త్వార్థకం అనీ, ‘చేయుచు’ వంటిదాన్ని శత్రర్థకం అనీ అన్నాడు. ఈ జంట దగ్గర కాసేపు ఆగుదాం. కాలం, దశ ఒకదాన్నుంచి ఒకటి విడిపోయి కనిపించేది ఇక్కడే.

‘తిని వచ్చిండు, తిని వస్తడు, తిని వస్తున్నడు.’ మూడింటిలోనూ ‘తిని’ మారలేదు. ‘తింటూ వచ్చిండు, తింటూ వస్తడు.’ ఇక్కడ ‘తింటూ’ మారలేదు. కాలమంతా చివరి క్రియ మోస్తోంది. ముందున్న క్రియలో కాలం అణుమాత్రం లేదు, దశ మాత్రమే ఉంది: తినడం ముగిసిందా, సాగుతోందా. ఒకే వాక్యంలో రెండు బాధ్యతలను రెండు క్రియలకు పంచిపెట్టిన భాష మనది.

దీనికి ఒక అభ్యంతరం ఉంది, అది తేలికైనది కాదు. ‘తిని’లో ఉన్నది దశ కాదు, ముందువెనకల వరస మాత్రమే, తినడం ముందు, రావడం వెనక అని వాదించవచ్చు. చాలా వాక్యాల్లో రెండు వివరణలూ సరిపోతాయి. వాటిని విడదీయాలంటే ‘కూర్చుని మాట్లాడుతున్నాడు’ వంటి వాక్యం కావాలి. ఆ మనిషి ముందు కూర్చుని, ఆ కూర్చోవడం అయిపోయాక, లేచి మాట్లాడటం లేదు. కూర్చునే ఉన్నాడు, మాట్లాడుతూనే ఉన్నాడు. ముగిసింది నిలబడ్డ మనిషి కిందికి చేరే కదలిక. దాని ఫలితం, ఆ భంగిమ, నిలిచి ఉంది. ‘చీర కట్టుకుని వచ్చింది’ కూడా ఇలాంటిదే. దీన్ని వరస మాత్రమే వివరించలేదు. ఫలితం మిగిల్చిన ముగింపు అంటేనే కుదురుతుంది. అందుకే ‘కూర్చుంటున్నాడు’ అంటే ఇంకా కిందికి వంగుతున్నాడని అర్థం. కూర్చుని ఉన్నవాణ్ణి చూసి అలా అనం, ‘కూర్చున్నాడు’ అంటాం. రూపం ఒక్కటే దశను నిర్ణయించదు, ఆ క్రియ ఎలాంటి పనిని చెబుతుందన్నదీ కలవాలి.

ఇప్పుడు అసలు చిక్కుకు వస్తాను. ‘చేస్తున్నాడు’ వర్తమానమని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ‘నిన్న నేను వెళ్ళేసరికి ఆయన భోంచేస్తున్నాడు’ అనే వాక్యాన్ని మనవాళ్ళెవరూ తప్పనరు. అందులో ‘నిన్న’ ఉంది, జరిగింది నిన్ననే, రూపం మాత్రం ‘చేస్తున్నాడు’. ‘రేపు వస్తున్నాను’ అనీ అంటాం. నిన్నకూ నేటికీ రేపటికీ పనికొచ్చే రూపాన్ని వర్తమానమనడం ఎలా? అది కాలరూపం కాదు, పని సాగుతోందని చెప్పే దశారూపం. ఏ కాలంలో సాగుతోందో చుట్టూ ఉన్న మాటలు చెబుతాయి.

కారణం దాని లోపలే ఉంది. ‘చేస్తున్నాడు’ అంటే ‘చేస్తూ ఉన్నాడు’. ‘చేస్తూ’లో కాలం లేదని ఇందాకే చూశాం. మిగిలింది ‘ఉన్నాడు’. ‘ఇప్పుడు ఇంట్లో ఉన్నాడు’ అంటాం, ‘నిన్నంతా ఇంట్లోనే ఉన్నాడు’ అనీ అంటాం. ఆకారంలో అది భూతరూపం, తిన్నాడు, విన్నాడు లాగా. అర్థంలో రెండు కాలాలకూ చెల్లుతుంది. సహాయక్రియలో ఉన్న ఈ సందిగ్ధత మొత్తం రూపానికీ వారసత్వంగా వచ్చింది.

మన పాలమూరు, నల్లగొండ మాటల్లో ఈ సందిగ్ధత ఇంతగా ఉండదు. నిన్నటి సంగతి చెప్పేటప్పుడు ‘ఆడు ఇంట్లనే ఉండె’ అంటారు. ఇప్పటి సంగతికి ‘ఉన్నడు’. కాబట్టి ‘తింటున్నడు’ ఒకటి, ‘తింటుండె’ ఇంకొకటి. దశ రెండింటిలో ఒకటే, కాలం తేలిపోయింది. నేనైతే ‘తింటుంటి’. ‘వచ్చుచుండెను’ వంటి కావ్యభాషా రూపం ఈ ప్రాంతంలో నోటిమాటగా నిలిచి ఉంది. దీన్ని మోటుమాటగా దిద్దే పంతుళ్ళకు నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే: పిల్లవాడు ‘తింటుండె’ అన్నప్పుడు, ప్రామాణిక భాష కలిపేసిన రెండు సంగతులను వాడు విడదీసి చెబుతున్నాడు. కన్నడంలోనూ ఇలాంటి విభజనే ఉంది. ‘బరుత్తిద్దానె’ అంటే వస్తున్నాడు, ‘బరుత్తిద్ద’ అంటే వస్తుండె.

వ్యతిరేకార్థంలో తేడా ఇంకా స్పష్టం. కోస్తాలో ‘వస్తున్నాడు’కు వ్యతిరేకం చెప్పాలంటే క్రియను నామం చేసి ‘రావడం లేదు’ అనాలి. ఇక్కడ ‘వస్తలేడు’. ‘వస్త’ అన్న సాగే దశ చెక్కుచెదరలేదు, ‘ఉన్నడు’ స్థానంలో ‘లేడు’ వచ్చి కూర్చుంది. ‘రాలేదు’ ముగింపును కాదంటుంది, ‘వస్తలేడు’ సాగడాన్ని కాదంటుంది, ‘రాడు’ రెంటినీ పట్టించుకోకుండా స్వభావాన్నో రేపటి సంగతినో కాదంటుంది.

ఒక పరిమితి కూడా చెప్పాలి. ‘తింటుండె’ ఆ క్షణాన సాగుతున్న పనికే కాదు, పాత అలవాటుకూ వాడతారు: ‘మా తాత రోజూ ఏటికి పోతుండె.’ ఏ అర్థమో ‘రోజూ’ వంటి మాటే తేల్చాలి. ఇది మన భాష లోపం కాదు. సాగే పని, అలవాటు ఒకే రూపాన్ని పంచుకోవడం ఎన్నో భాషల్లో కనిపిస్తుంది, ఎందుకంటే రెండింటిలోనూ ముగింపు గీత కనిపించదు.

ముగిసినదానికీ సాగేదానికీ ఇన్ని భాషలు వేరే గుర్తులు ఎందుకు పెట్టుకున్నాయి? ఒక కారణం కథ చెప్పడంలో ఉంది. ‘వాన పడుతుండె. నేను తలుపు తీసిన. ఆడు లోపటికి వచ్చిండు.’ తీయడం, రావడం ఒకదాని తర్వాత ఒకటి జరిగి కథను ముందుకు జరిపాయి. వాన మాత్రం కదలకుండా వాటి వెనక పరుచుకుని ఉంది. మూడూ భూతకాలమే, కాబట్టి కాలం ఈ పని చేయలేదు. వినేవాడికి ఏది సంఘటనో ఏది నేపథ్యమో చెప్పేది దశ.

రెండో కారణం పుట్టుకలో ఉంది. సాగే రూపాలు సాధారణంగా ఉండటాన్ని చెప్పే క్రియల నుంచి పుడతాయి. మనకు ‘ఉండు’, హిందీకి ‘రహ్’. ముగింపు రూపాలు వదలడం, వేయడం, పోవడం వంటి క్రియల నుంచి వస్తాయి. మనకు ‘తినేసిండు’, ‘చచ్చిపోయిండు’, తమిళంలో ‘విడు’, అంటే వదులు. లేదా ఫలితాన్ని వర్ణించే విశేషణాల నుంచి వస్తాయి. సంస్కృతంలో ‘మయా కృతం’ అంటే నాచేత చేయబడినది. అక్కడ ఉన్నది చేసినవాడి కదలిక కాదు, చేసిన వస్తువు స్థితి. హిందీ భూతరూపం ఆ వంశానిదే. అందుకే ముగిసిన పనిలో మాత్రమే కర్తకు ‘నే’ చేరుతుంది, క్రియ కర్మతో అన్వయిస్తుంది: ‘రామ్ నే రోటీ ఖాయీ.’ సాగే పనిలో ‘రామ్ రోటీ ఖా రహా హై’ అంటారు, ‘నే’ రాదు. దశ క్రియను దాటి కర్త రూపాన్ని కూడా మార్చింది.

మన వీధుల్లో వినిపించే దక్కనీ ఉర్దూ ఆ ‘నే’ని వదిలేసింది. ‘మై రోటీ ఖాయా’ అంటారు, క్రియ కర్తతోనే అన్వయిస్తుంది. ముగిసినా సాగినా కర్తను ఒకేలా చూసే తెలుగు, కన్నడాల మధ్య శతాబ్దాలు బతకడం దీనికి కారణమని పండితులు సాధారణంగా చెబుతారు. అయితే ‘నే’ పోయినా దశల తేడా పోలేదు. ‘కర్ రహే’ అన్నది ‘కర్రే’ అయింది, ‘క్యా కర్రే’ అని రోజూ వింటున్నాం. ‘చేస్తూ ఉన్నడు’ నలిగి ‘చేస్తున్నడు’ అయినట్టే అక్కడా రెండు మాటలు నలిగి ఒకటయ్యాయి. రెండు చోట్లా ఉండటాన్ని చెప్పే క్రియ తన సొంత రూపం పోగొట్టుకుని, పని ఇంకా ముగియలేదని చెప్పే ప్రత్యయమై మిగిలింది.