బిల్డింగ్‌లో పనులు జరుగుతుంటే షాపు అద్దె తగ్గించమని ఎలా అడగాలి?

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఏలూరు ఆర్.ఆర్.పేటలో ఓ బట్టల షాపు ఉంది, అద్దె నెలకి 15 వేలు. ఓనరు గారు పైన ఇంకో అంతస్తు వేస్తున్నారు. షాపు ముందంతా పరంజా కర్రలు, గ్రీన్ నెట్, బోర్డే కనపడట్లేదు. వెనక గదిలో సిమెంట్ బస్తాలు పెట్టేశారు.

"పనులయ్యేదాకా అద్దె ఇవ్వను" అనాలనిపిస్తుంది కదా? అదొక్కటీ చెయ్యకండి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 108వ సెక్షన్ ప్రకారం షాపుని ఆటంకం లేకుండా వాడుకునే హక్కు మనకుంది. కానీ అది అద్దె కడుతున్న వాళ్లకే. అద్దె ఆపేస్తే తప్పు మన వైపుకి వచ్చేస్తుంది, ఖాళీ చెయ్యమనడానికి మనమే కారణం ఇచ్చినట్టు.

1966లో కలకత్తా స్టీఫెన్ కోర్ట్ బిల్డింగ్ కేసులో ఇలాంటి ప్రశ్నే వచ్చింది. మూడు పడక గదుల్లో ఒకటి అద్దెదారుకి అప్పగించలేదు. అసలు అద్దే కట్టనంటే సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు, చేతిలో ఉన్న భాగానికి తగ్గట్టు కట్టమంది.

మన షాపుకీ అదే లెక్క వేద్దాం. మొత్తం 300 చదరపు అడుగులు, బస్తాలున్న గది 100. అంటే మూడో వంతు పోయింది, 5 వేలు తగ్గించమని అడగొచ్చు. దుమ్ము, చప్పుడు, కనపడని బోర్డు సంగతి వేరు. వాటిని అడుగుల్లో కొలవలేం. అందుకే పనులకు ముందు మూడు నెలల అమ్మకాలు, ఇప్పటి అమ్మకాలు పక్కపక్కన చూపించండి. అక్కడ ఇచ్చేదంతా ఓనరు గారి ఇష్టమే.

ముందు అగ్రిమెంట్ చదవండి, రిపేర్ల గురించి ఏమైనా రాసుండొచ్చు. తర్వాత ఇంటికెళ్లి మాట్లాడండి, అదే మాట వాట్సాప్‌లో పెట్టండి:

"బాబాయ్ గారూ, నమస్కారం. మనం అనుకున్నట్టు, వెనక గది ఖాళీ చేసి ఇచ్చేవరకూ నెలకి 10 వేలు కడతాను. మిగతా 5 వేలు తర్వాత కట్టక్కర్లేదు. గది ఇచ్చిన నెల నుంచి మళ్లీ 15 వేలు. సరే అయితే రిప్లై ఇవ్వండి."

ఇందులో ముఖ్యమైనది "తర్వాత కట్టక్కర్లేదు" అన్న మాట. అది లేకపోతే ఓనరు గారు "తగ్గించలేదమ్మా, తర్వాత ఇమ్మన్నాను" అనొచ్చు. ఆరు నెలలకి 30 వేలు బాకీ తేలుతుంది. రిప్లై వచ్చేదాకా పూర్తి అద్దే కట్టండి, అడ్వాన్సులో మీ అంతట మీరు తగ్గించుకోకండి.

డబ్బు తగ్గించడం కుదరదంటే, గోడలు కొట్టే పని ఉదయం పదింటి లోపు అయ్యేలా చూడమనండి, బోర్డుని నెట్ బయటికి కట్టుకోనివ్వమనండి. వాటికి ఓనరు గారికి పెద్దగా ఖర్చు కూడా ఉండదు.

మీ షాపు లెక్క కామెంట్‌లో పెట్టండి, చూద్దాం. ఉంటానండి.