రైతుకు ఎన్ని పేర్లు పెట్టాడో చూద్దాం

(సంఘం మండల కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



రుణమాఫీ మాట వచ్చినప్పుడల్లా పత్రికల సంపాదకీయ పేజీలో వ్యాసాలు వరుస కడతాయి. మనవాళ్ళు వాటిని చదివి రెండు మాటలే అంటారు: ‘మనవైపు రాశాడు’, ‘మనమీద రాశాడు’. అంతటితో పత్రిక మడిచి పెడతాం. కానీ జవాబు రాయాలన్నా, ఊళ్ళో నలుగురికి వివరించాలన్నా అది చాలదు. రాసినాయన మనల్ని ఎలా చూస్తున్నాడు అనేది ఒకటి, చదివినవాళ్ళ చేత ఏం చేయించాలనుకుంటున్నాడు అనేది ఇంకొకటి. మొదటిది వైఖరి, రెండోది ఉద్దేశం. రైతు మీద జాలి నిండుగా ఉన్న వ్యాసం ఉద్దేశం మాఫీ ఆపించడమే కావచ్చు. ఈ రెంటినీ కలిపేస్తే మోసపోతాం.

ఈ తరగతి కోసం మేమే ఒక పేరా రాసుకొచ్చాం. ఇది ఏ పత్రికలోదీ కాదు గానీ, ఇలాంటివి మీరు చదివే ఉంటారు. వినండి:

“అన్నదాత కష్టాలు కాదనలేనివి. ఆరుగాలం శ్రమించే రైతును ఆదుకోవలసిందే. కానీ ఎన్నికల ముంగిట మాఫీ తాయిలాలు పంచితే, సక్రమంగా కట్టేవారు కూడా ఎగవేత బాట పడతారు. లబ్ధిదారుల జాబితా పెరిగేకొద్దీ పన్ను చెల్లింపుదారుడి నడుం విరుగుతుంది. ఇకనైనా పాలకులు కఠిన నిర్ణయాలు తీసుకునే ధైర్యం చూపాలి.”

ముందుగా రైతును ఏమేం పేర్లతో పిలిచాడో కింద గీత గీయండి. మొదటి వాక్యంలో అన్నదాత. రెండో దాంట్లో రైతు. ‘కానీ’ దాటగానే ఎగవేత బాట పట్టేవాడు. ఆ తర్వాత లబ్ధిదారుడు. మనిషి ఒక్కడే, అయిదు వాక్యాల్లో అతని హోదా మెట్టు మెట్టుగా దిగిపోయింది. అన్నదాత అంటే ఇచ్చేవాడు, లబ్ధిదారుడు అంటే పుచ్చుకునేవాడు. ఇక పన్ను చెల్లింపుదారుడనే కొత్త మనిషి వచ్చి రైతుకు ఎదురుగా నిలబడ్డాడు, రైతు పన్నే కట్టనట్టు! పురుగుమందు డబ్బా కొన్నా, ట్రాక్టరు టైరు కొన్నా మనం కట్టేది పన్ను కాదా? ఆ సంగతి పేరాలో ఎక్కడా అబద్ధంగా చెప్పలేదు. రెండు పేర్లను ఎదురెదురుగా పెట్టాడు, అంతే. మిగతాది చదివేవాడి మనసే పూర్తి చేసుకుంటుంది.

రెండో పని, మాట మార్చి చూడడం. ‘తాయిలాలు పంచితే’ అన్నచోట ‘రుణాలు మాఫీ చేస్తే’ అని పెట్టి చదవండి. విషయం మారలేదు, వెటకారం పోయింది. తాయిలం ఏడ్చే పిల్లవాడికి పెట్టేది. మనల్ని పిల్లల కింద, ప్రభుత్వాన్ని బుజ్జగించే అమ్మమ్మ కింద కట్టాడన్నమాట. తీసేస్తే వాక్యం అర్థంలో ఏమీ తగ్గకుండా ఉండే మాట ఎక్కడ దొరికితే అక్కడ వైఖరి ఉన్నట్టు.

‘ఎగవేత’ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. కట్టలేకపోవడం వేరు, ఉండీ కట్టకపోవడం వేరు. ఈ తేడా రిజర్వు బ్యాంకుకు కూడా తెలుసు. స్తోమత ఉండీ కట్టనివారిని ‘ఉద్దేశపూర్వక ఎగవేతదారులు’ అని విడిగా గుర్తిస్తుంది. 25 లక్షలు, ఆ పైన బాకీ ఉన్నవాళ్ళ విషయంలోనే ఆ లెక్క. మన తెలుగు పత్రికల్లో మాత్రం వానలు లేక పంట పోయి కిస్తీ తప్పినవాడికీ, ఫ్యాక్టరీ పేరు చెప్పి సొమ్ము దారి మళ్ళించినవాడికీ ఒకటే మాట, ఎగవేత. పైపెచ్చు ‘బాట పడతారు’ అన్నాడు. బాట పట్టడం మనిషి కోరి చేసే పని. వరి కంకి దశలో వరద వస్తే కోరి ఎవరూ బాకీ పడరు.

పెద్ద కంపెనీల అప్పుల దగ్గర మాటలు ఎలా ఉంటాయో పక్కన పెట్టి చూడండి. 2016 దివాలా చట్టం కింద కంపెనీ అప్పు పరిష్కారమయ్యేటప్పుడు బ్యాంకులు తమకు రావలసిన దాంట్లో కొంత వదులుకుంటే దాన్ని ‘హెయిర్‌కట్’ అంటారు. జుట్టు కత్తిరింపు! కత్తిరించిన జుట్టు నొప్పి పుట్టదు, మళ్ళీ పెరుగుతుంది కూడా. రెండూ అచ్చంగా ఒకటేనని మేం అనడం లేదు. మాఫీలో ప్రభుత్వం బ్యాంకుకు డబ్బు కడుతుంది, దివాలాలో బ్యాంకే నష్టం భరిస్తుంది. అప్పులో కొంత వదిలేయడం మాత్రం రెండుచోట్లా ఉంది. ఒకచోట క్షవరం, ఒకచోట తాయిలం.

ఇక ఉద్దేశం. దీనికి తెలుగు చదివేవాడికి ఒక సులువు ఉంది. ‘చేయాలి, చూపాలి, మానుకోవాలి’ అని ‘ఆలి’తో ముగిసే క్రియలు వెతకండి. వ్యాసం ఎవరిని కదిలించడానికి రాశారో అక్కడ బయటపడుతుంది. మన పేరాలో అలాంటి క్రియ ఒక్కటే: ‘పాలకులు ధైర్యం చూపాలి’. ‘ఆదుకోవలసిందే’ అన్నది కూడా అలాంటిదే కదా అని అడుగుతారు. అవును, కానీ ఎవరు, దేనితో, ఎప్పుడు ఆదుకోవాలో దాంట్లో లేదు. చివరి వాక్యానికి మాత్రం కర్త ఉన్నాడు, ‘ఇకనైనా’ అని తొందర ఉంది. కాబట్టి ఇది రైతును ఓదార్చడానికి రాసినది కాదు, మాఫీ ఆపమని ప్రభుత్వానికి చెప్పడానికి రాసినది. కఠిన నిర్ణయం ఎవరికి కఠినం అనేది కూడా అడగండి, తీసుకునేవాడికా, భరించేవాడికా?

మాఫీని వ్యతిరేకించినవాళ్ళంతా ఒక్కటేనని అనుకోవద్దు. ఇంకో వాక్యం వినండి, ఇదీ మేం రాసుకున్నదే: “బ్యాంకు గడప ఎక్కలేని కౌలు రైతుకు మాఫీ చేరదు; అతని పేరిట పంట రుణం ఇచ్చే ఏర్పాటు ముందు జరగాలి.” ఇదీ మాఫీ మీద విమర్శే. ఇక్కడ క్రియ ‘చేరదు’. లోపం పథకానిది, రైతుది కాదు. ‘ఎక్కలేని’ అన్నాడు, ‘ఎక్కని’ అనలేదు. ‘జరగాలి’ అన్నది రుణం గురించి. దీన్ని రాసినాయనతో మనకు పేచీ ఉన్నా కూర్చుని మాట్లాడవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చాక కూడా భూయజమాని సంతకం కోసం ఎంతమంది కౌలుదార్లు తిరుగుతున్నారో మీ ఊళ్ళలో మీకే తెలుసు.

కొన్ని జాగ్రత్తలు. శీర్షిక చూసి రచయితను తిట్టవద్దు. చాలాసార్లు దాన్ని డెస్కులో పెడతారు. ఇంగ్లీషు నుంచి తెచ్చిన వ్యాసమైతే ‘తాయిలం’ అనువాదకుడిది కావచ్చు, మూలంలో మామూలు మాట ఉండి ఉండవచ్చు. చివర ‘అనువాదం’ అని ఉందేమో చూడండి. కొటేషన్ గుర్తుల్లో ఉన్న మాట ఎవరిదో తేల్చుకోండి. ఇతరుల మాట తెచ్చినప్పుడు దాని పక్కన క్రియ ఏం పెట్టాడో గమనించండి. మంత్రి ‘స్పష్టం చేశారు’, రైతు సంఘం ‘గగ్గోలు పెట్టింది’ అంటే ఇద్దరికీ తూకం వేరు. ఒక్క మాట దొరికిందని తీర్పు ఇవ్వకండి. ఒకే దిక్కుకు లాగే మాటలు మూడు నాలుగు ఉంటే అప్పుడు చెప్పండి.

మనకు నచ్చిన వ్యాసానికీ ఇదే పద్ధతి. ‘బ్యాంకుల రక్తదాహం’ అన్నచోట ‘బ్యాంకుల వసూళ్ళు’ అని పెట్టి చదవండి. కోపం పోయాక చెప్పడానికి ఏం మిగిలిందో, ఎంత వడ్డీ, ఏ నోటీసు, ఏ తేదీ అనేది ఆ వ్యాసంలో ఉందో లేదో చూడండి.

జవాబు రాసేటప్పుడు వైఖరిని పట్టుకుని రెండు పేజీలు ఖర్చు చేయకండి. ‘మమ్మల్ని అవమానించారు’ అంటే పత్రిక వేయదు, వేసినా ఎవరూ మారరు. మన పేరాలో జవాబు చెప్పాల్సిన వాదన ఒక్కటే: మాఫీ ఇస్తే కట్టేవాళ్ళూ మానేస్తారన్నది. మీ సహకార సంఘం రిజిస్టరులో మాఫీకి ముందు, తర్వాత ఎంతమంది కట్టారో, కట్టనివాళ్ళలో ఆ సంవత్సరం పంట పోయినవాళ్ళు ఎంతమందో రాసుకు రండి. ఆ లెక్క మనకు అనుకూలంగా లేకపోయినా తీసుకు రండి. మధ్యాహ్నం నుంచి జిల్లా పేజీలో వచ్చిన రెండు వ్యాసాలు పంచుతాం. ఒక్కో బృందం అయిదుగురు, ఎర్ర పెన్సిలు వైఖరికి, నీలం పెన్సిలు ఉద్దేశానికి.